కుక్కర్లో గుడ్డు లేని కేక్: నడుమ ఎందుకు కుంగుతుంది, ఎందుకు గట్టిపడుతుంది

పోయిన నెల ఒక ఆదివారం గుంటూరు బ్రాడీపేట నుంచి మా వదిన వీడియో కాల్ చేసింది. చేతిలో కేక్ టిన్ను. అంచుల దగ్గర కేక్ బాగానే లేచింది గానీ నడుమ మూకుడులా దిగిపోయి ఉంది. టిన్ను గోడ మీద, కేక్ ఇప్పుడున్న ఎత్తుకంటే ఒక వేలు పైదాకా పిండి అంటుకున్న గుర్తు కనిపిస్తోంది.

"సోడా చాల్లేదు కాబోలు, ఈసారి ఇంకాస్త వేస్తాను" అంది.

"ఆగు వదినా, ముందు దాన్ని సరిగ్గా నడిమికి కోసి చూపించు" అన్నాను.

కోసింది. లోపల లేత పసుపు ఉండాల్సింది, బెల్లం రంగులో ఉంది. పెద్ద పెద్ద రంధ్రాలు, చేత్తో ముట్టుకుంటే పొడిగా రాలిపోతోంది. రుచి చూడమంటే చూసి, నాలుక మీద సబ్బులా ఉందంది. సోడా చాలకపోతే ఇలా రాదు. ఎక్కువైతేనే ఇలా వస్తుంది. ఇంట్లో బేకింగ్ పౌడర్ అయిపోయిందని, దాని బదులు కూడా అంతే కొలత తినే సోడా వేసేసిందట. అర టీస్పూను పడాల్సిన చోట ఒకటిముప్పావు పడింది.

ఈ కేక్ విషయంలో అందరం ముందు అనుమానించేది సోడానే, ముందు పెంచేదీ సోడానే. అందుకే కొలతల కంటే ముందు లోపల ఏం జరుగుతుందో చెబుతాను. అది తెలిస్తే మీ కేక్ ఎందుకు చెడిందో కోసి చూసి మీరే చెప్పగలరు.

గాలి ఎంతసేపు ఆగాలి

పెరుగులో పులుపు, సోడా కలిస్తే గ్యాస్ పుడుతుంది. ఆ బుడగలు వేడికి ఉబ్బి పిండిని పైకి లేపుతాయి. కానీ లేచినది లేచినట్టు నిలబడాలంటే బుడగల చుట్టూ ఉన్న గోడలు గట్టిపడాలి. గుడ్డు వేసిన కేక్‌లో ఆ పని చాలావరకు గుడ్డు చేస్తుంది, ఉడికిన గుడ్డు గట్టిపడినట్టే అక్కడా గట్టిపడుతుంది. గుడ్డు లేనప్పుడు ఆ భారమంతా మైదా మీద పడుతుంది. మైదాలోని గంజి నీళ్ళు పీల్చుకుని ఉడికి బిగుసుకునేదాకా కేక్ నిలబడదు. పంచదార ఉన్న పిండిలో అది ఇంకా ఆలస్యంగా, కేక్ లోపలి వేడి 90 డిగ్రీల దరిదాపులకు వచ్చాక గానీ జరగదు. టిన్ను నడిమధ్య భాగానికి ఆ వేడి అన్నిటికంటే చివర అందుతుంది.

కాబట్టి గోడలు బిగుసుకునేదాకా గ్యాస్ ఆగాలి. గ్యాస్ మరీ ఎక్కువై గోడలు పగిలిపోయినా, నడుమ ఉడకక ముందే వేడి తగ్గినా కేక్ లేచి పడిపోతుంది. ఇది కుంగిన కేక్. పొయ్యి మీదకి వెళ్ళకముందే గ్యాస్ అయిపోతే అసలు లేవదు. ఇది గట్టి కేక్. రెండూ చూడటానికి ఒకేలా పల్చగా కనిపిస్తాయి గానీ, కారణాలు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. కుంగిన కేక్‌కి, గట్టి కేక్‌కి ఒకే మందు వేస్తే ఒకటి ఇంకా చెడుతుంది.

మనకి ఇడ్లీ పిండి అలవాటు కాబట్టి ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. ఇడ్లీ పిండి రాత్రంతా పులుస్తూ గ్యాస్ పుట్టిస్తూనే ఉంటుంది, ఎంతసేపు నానితే అంత మెత్తన. కేక్ పిండి అలా కాదు. పెరుగు, సోడా కలిసిన క్షణం నుంచి ఖర్చవడమే గానీ కొత్తగా పుట్టేది లేదు. బేకింగ్ పౌడర్ కొంత దాచిపెట్టి వేడి తగిలాక వదులుతుంది, అందుకే రెండూ వేస్తాం.

ముందు కుక్కర్

పిండి కలపడానికి ముందే పొయ్యి వెలిగించాలి. ఐదు లీటర్ల అల్యూమినియం కుక్కర్ చాలు. పాతదైతే మరీ మంచిది, నీళ్ళు లేకుండా వేడెక్కితే కొత్త కుక్కర్ అడుగు రంగు మారుతుంది. నాన్‌స్టిక్ కుక్కర్ దీనికి వద్దు.

మూతకున్న రబ్బరు గ్యాస్కెట్ తీసేయండి. వెయిట్ కూడా తీసేయండి. ఈ రెండూ మర్చిపోకూడదు, లోపల పుట్టే ఆవిరికి దారి ఉండాలి. నీళ్ళు పోయకూడదు. అడుగున ఒకటిన్నర కప్పు కల్లుప్పు పరిచి, దాని మీద చిన్న స్టాండు గానీ అంచున్న పళ్ళెం బోర్లించి గానీ పెట్టండి. మా అమ్మ కృష్ణ ఇసుకని కడిగి ఎండబెట్టి ఇందుకనే డబ్బాలో దాచేది. ఇసుకైనా ఉప్పైనా పని ఒకటే, మంట నేరుగా టిన్ను అడుక్కి తగలకుండా వేడిని నెమ్మదిగా పంచుతుంది. ఆ ఉప్పు మళ్ళీ మళ్ళీ కేక్‌కే వాడుకోవచ్చు, కూరకి వద్దు.

మూత పెట్టి మధ్యస్థం మంట మీద పది నిమిషాలు వేడెక్కనివ్వండి. మూత లోపలికి బిగించే రకం కుక్కర్ అయితే టిన్ను మూతిలో పడుతుందో లేదో ముందే చూసుకోండి. టిన్ను చుట్టూ కనీసం ఒక వేలు సందు ఉండాలి, లేకపోతే పైభాగానికి వేడి గాలి చేరదు, అడుగు మాడి పైన పచ్చిగా ఉంటుంది.

కొలతలు

ఏడంగుళాల గుండ్రటి అల్యూమినియం టిన్నుకి ఇవి సరిపోతాయి. కప్పు అంటే 240 మిల్లీలీటర్ల కప్పు, స్పూను అంటే కొలత స్పూనే. టీ తాగే కప్పులు, కూర వడ్డించే స్పూన్లు వద్దు.

మైదా ఒకటిన్నర కప్పు, తూస్తే 190 గ్రాములు.
పెరుగు ఒక కప్పు.
పంచదార ముప్పావు కప్పు, 150 గ్రాములు.
వాసన లేని నూనె అర కప్పు. పొద్దుతిరుగుడు నూనె బాగుంటుంది, వేరుశెనగ నూనె, పప్పునూనె వేస్తే కేక్ అంతా అదే వాసన.
బేకింగ్ పౌడర్ ఒకటింపావు టీస్పూను.
తినే సోడా అర టీస్పూను, స్పూను అంచుతో సమంగా గీసి.
వెనిల్లా ఎసెన్స్ ఒక టీస్పూను, చిటికెడు ఉప్పు.

వీటిలో రెండిటి గురించి వివరంగా చెప్పాలి. మొదటిది మైదా. కప్పుని డబ్బాలో ముంచి అదిమి తీస్తే ఎంత వస్తుందో, స్పూనుతో వదులుగా పోసి పైన గీస్తే ఎంత వస్తుందో ఒకసారి వంటింటి కాటా మీద పెట్టి చూశాను. వదులుగా పోసిన కప్పు 125 గ్రాములు తూగింది, ముంచి తీసినది 150 దాటింది. ఒకటిన్నర కప్పు మీద ఆ తేడా గుప్పెడు మైదా. ఆ గుప్పెడే కేక్‌ని రొట్టెలా చేస్తుంది. కాటా ఉంటే తూయండి, లేకపోతే పిండిని ఒకసారి జల్లించి వదులుగా పోయండి.

రెండోది పెరుగు. మన వైపు గేదె పెరుగు గట్టిగా గడ్డలా ఉంటుంది, దానితో ఇబ్బంది లేదు, మరీ గట్టిగా అనిపిస్తే రెండు చెంచాల పాలు కలపొచ్చు. ఫ్రిజ్‌లో రెండు రోజులుండి నీళ్ళు తేలిన పెరుగైతే ఆ నీళ్ళు వంచేయండి. పులుపు కొంచెం ఉండాలి. అర టీస్పూను సోడాని పూర్తిగా తినేయడానికి కప్పు పుల్ల పెరుగులోని పులుపు కావాలి. ఆ పూటే తోడుకున్న కమ్మటి పెరుగులో అంత పులుపు ఉండదు, సోడా మిగిలిపోయి సబ్బు రుచి వస్తుంది. అలాంటి పెరుగే ఉంటే ఒక టీస్పూను నిమ్మరసం కలపండి. బెజవాడ మే నెలలో దీనికి ఎదురు సమస్య, పొద్దున తోడేసిన పెరుగు సాయంత్రానికి నషాళానికి అంటేంత పులిసిపోతుంది. అది వాడితే కేక్‌కి పుల్లటి రుచి వస్తుంది, పైగా నురుగు కలిపేటప్పుడే పొంగి పోతుంది. ఎండాకాలం పెరుగు తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టి, కేక్ చేసే ముందు అరగంట బయట ఉంచండి.

సోడా, బేకింగ్ పౌడర్ బతికున్నాయో లేదో చూడటం తేలిక. సోడా మీద నాలుగు చుక్కల నిమ్మరసం, బేకింగ్ పౌడర్ మీద కొంచెం వేడినీళ్ళు. బుసబుసమని పొంగితే మంచివి, నీరసంగా రెండు బుడగలు వస్తే పారేయండి. వానాకాలంలో తేమకి బేకింగ్ పౌడర్ త్వరగా చచ్చిపోతుంది, చిన్న డబ్బా కొనుక్కోవడం మేలు.

కలపడం

టిన్నుకి నూనె రాసి, అడుగున కాగితం వేసి పక్కన పెట్టుకోండి. పంచదార మిక్సీలో పొడి చేసి, పెరుగులో వేసి విస్కర్‌తో గిలక్కొట్టండి. పలుకు కరిగాక నూనె, వెనిల్లా పోసి, నూనె పైన తేలకుండా పెరుగుతో కలిసి నిగనిగలాడేదాకా ఒకటి రెండు నిమిషాలు గట్టిగా గిలక్కొట్టండి. ఎంత బలం చూపించినా ఇక్కడే చూపించాలి. మైదా పడ్డాక చెయ్యి నెమ్మదించాలి.

వేరే గిన్నెలో మైదా, బేకింగ్ పౌడర్, సోడా, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించండి. చాలామంది సోడాని పెరుగులోనే కలిపి ఐదు నిమిషాలు నురుగు వచ్చేదాకా ఉంచుతారు. అలా కూడా కేక్ వస్తుంది. నాకు మాత్రం అది ఇష్టం లేదు, కేక్‌లో ఉండాల్సిన గ్యాస్ గిన్నెలోంచే పోతుంది. మైదాతో జల్లిస్తే పొడి అంతటా సమంగా పడుతుంది, సోడా ఉండలు మిగిలి మచ్చలు రావు.

ఇక పొడిని రెండు వాయిదాల్లో పెరుగు మిశ్రమంలో వేసి, అడుగునుంచి పైకి తిప్పుతూ కలపండి. పొడి మైదా కనిపించడం మానగానే ఆపేయండి. చిన్న చిన్న ఉండలు నాలుగైదు ఉన్నా పర్లేదు. చపాతీ పిండి పిసికే కొద్దీ సాగేది ఎందుకో అందుకే ఇది కూడా, మైదా తడిసి ఎక్కువ కదిలితే లోపల సాగే జిగురు పుడుతుంది, కేక్ రబ్బరులా అవుతుంది. మిక్సీ, బీటర్ ఈ దశలో ముట్టుకోవద్దు. పిండి ఇడ్లీ పిండి కంటే కాస్త జారుగా, దోసె పిండి కంటే చిక్కగా ఉండాలి. గరిటెతో ఎత్తితే ముద్దగా పడకూడదు, నీళ్ళలా కారకూడదు, మడతలు మడతలుగా జారి ఆ మడత రెండు మూడు సెకన్లు కనిపించి కలిసిపోవాలి. గట్టిగా ఉంటే ఒక్కో చెంచా పాలు కలుపుకోండి.

టిన్నులో సగానికి కొంచెం పైగా పోసి, రెండుసార్లు గట్టు మీద తట్టి, వెంటనే కుక్కర్లోకి దించండి. పట్టకారుతో జాగ్రత్తగా, కుక్కర్ అప్పటికే బాగా వేడిగా ఉంటుంది.

మంట, సమయం

మూత పెట్టి మంట సన్నగా చేయండి. చిన్న బర్నర్ మీద అయితే మధ్యస్థానికి కొంచెం కింద. మొదటి ముప్పై నిమిషాలు మూత తీయవద్దు. ఆ సమయంలో కేక్ పైకి లేచి ఉంటుంది గానీ నడుమ ఇంకా పిండే. మూత తీస్తే వేడి గాలి ఒక్కసారిగా పోతుంది, బుడగల్లోని గాలి కుంచించుకుపోతుంది, గోడలు బిగుసుకోలేదు కాబట్టి నడుమ కూలుతుంది. ఒకసారి కూలిందంటే తర్వాత ఎంత వేడి పెట్టినా లేవదు.

ముప్పై ఐదో నిమిషానికి వాసన వంటిల్లు దాటి వస్తుంది. నలభై నిమిషాలకి మూత తీసి, శుభ్రమైన చీపురుపుల్ల గానీ టూత్‌పిక్ గానీ సరిగ్గా నడిమధ్యలో గుచ్చండి. పుల్ల తడిగా వస్తే మూతపెట్టి ఇంకో ఏడెనిమిది నిమిషాలు. పొడిగా, ఒకటి రెండు పలుకులు అంటుకుని వస్తే అయిపోయినట్టు. వేలితో మెల్లగా నొక్కితే గుంట పడకుండా తిరిగి లేవాలి. అంచులు టిన్నుని వదిలి ఉండాలి. కుక్కర్లో పైన బంగారు రంగు రాదు, తెల్లగానే ఉంటుంది, రంగు కోసం ఎదురుచూస్తే అడుగు మాడుతుంది.

అవగానే బయటికి తీయండి. కుక్కర్లోనే వదిలేస్తే ఆవిరి చెమటకి అడుగు తడిసి ముద్దవుతుంది. పది నిమిషాలు టిన్నులో ఆరనిచ్చి, బోర్లించి, జల్లెడ మీద పెట్టి పూర్తిగా చల్లారాక కోయండి. వేడి మీద కోస్తే బాగా వచ్చిన కేక్ కూడా కత్తికి అంటుకుని ఉడకనట్టే కనిపిస్తుంది.

చిన్న ఓవెన్లో అయితే

పదహారు, ఇరవై లీటర్ల ఓటీజీల్లో పై రాడ్ కేక్‌కి బాగా దగ్గరగా ఉంటుంది. పైన ముందే ఎర్రబడి గట్టి పొర కడుతుంది, లోపలి పిండి ఆ పొరని చీల్చుకుని పైకి వస్తుంది. పైన పగులు, లోపల పచ్చి అంటే వేడి ఎక్కువనే అర్థం. అందుకని 170 డిగ్రీల దగ్గర పెట్టి, కింది అరలో ఉంచండి. లైటు ఆరిపోగానే వేడెక్కిందని నమ్మవద్దు, గోడలు కూడా వేడెక్కాలి, పదిహేను నిమిషాలు ముందుగా వేయండి. ఇరవై ఐదు నిమిషాలకి పైన రంగు వచ్చేస్తుంటే అల్యూమినియం ఫాయిల్ ఒకటి వదులుగా కప్పండి. మొత్తం ముప్పై ఐదు నుంచి నలభై ఐదు నిమిషాలు. మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకుండా ఉంచండి, కొద్ది నిమిషాల్లో వస్తే బతుకుతుంది.

కోసి చూస్తే తెలిసేది

కేక్ నడుమ దిగింది, కోస్తే దిగిన చోట తడి జిగురు పొర ఉంది, అంచులు బాగానే ఉన్నాయి. అది ఉడకలేదు, లేదా మూత ముందే తీశారు. కొలతలు మార్చకండి, మంట ఇంకా తగ్గించి సమయం పెంచండి.

నడుమ దిగింది, కానీ తడి లేదు, పెద్ద రంధ్రాలు, గోధుమ రంగు, సబ్బు రుచి. సోడా ఎక్కువ. మా వదిన మొదటి కేక్ ఇదే.

రంధ్రాలే లేవు, అంతా ఒకేలా బరువుగా ఉంది, టిన్ను గోడ మీద పైకి లేచిన గుర్తు కూడా లేదు. గ్యాస్ లేదు. సోడా, పౌడర్ పాతవి, లేదా పిండి కలిపి ఆలస్యం చేశారు, లేదా మైదా ఎక్కువ.

పైన బాగుంది, అడుగున వేలెడు మందాన రబ్బరు పొర. ఎక్కువ కలిపారు, లేదా పెరుగులో నీళ్ళు ఎక్కువ.

వదిన రెండోసారి కేక్ చేసినప్పుడు సోడా సరిగ్గానే వేసింది. అయినా కేక్ ఇటుకలా వచ్చింది. ఫోటోలో చూస్తే గోడ మీద గుర్తు లేదు, అడుగున జిగురు పొర ఉంది. ఏం చేశావో మొదటినుంచి చెప్పు వదినా అని అడిగితే ఒక్కొక్కటే బయటికి వచ్చింది. ఉండలు లేకుండా ఉంటుందని మైదా కూడా మిక్సీ జార్లోనే వేసి తిప్పింది. అదే సమయానికి చుట్టాలు రావడంతో కాఫీ కలిపి, కబుర్లు చెప్పి, ముప్పావుగంట తర్వాత పిండి కుక్కర్లో పెట్టింది. మిక్సీ వల్ల జిగురు, ఆలస్యం వల్ల గ్యాస్ పోవడం, రెండూ ఒకే కేక్‌లో కనిపించాయి. ఇంకో చిటికెడు సోడా పెంచి ఉంటే ఇటుక అలాగే ఉండేది, సబ్బు రుచి అదనంగా వచ్చేది.

మూడోసారి ముందు కుక్కర్ వెలిగించి, విస్కర్‌తో కలిపి, కలిపిన మూడు నిమిషాల్లో లోపల పెట్టింది. నలభై నాలుగు నిమిషాలు పట్టిందట. కోసిన ముక్క ఫోటోలో రంధ్రాలు ఆవగింజంత, అంతటా ఒకేలా ఉన్నాయి.

ఆ ఫోటో కిందే ఇంకో ప్రశ్న పెట్టింది: "బాబు పుట్టినరోజుకి ఇరవై మంది వస్తారు, అన్నీ రెట్టింపు వేసి అదే కుక్కర్లో పెద్ద టిన్నులో చేసేయనా?" వద్దన్నాను. పిండి లోతు పెరిగితే నడిమికి వేడి చేరేసరికి అడుగు మాడుతుంది, లేదా నడుమ కుంగుతుంది. ఒక్కో కొలత విడిగా కలిపి, ఒకదాని తర్వాత ఒకటి రెండు కేకులు చేయమన్నాను. మొదటిది కుక్కర్లోంచి బయటికి వచ్చాకే రెండోదానికి మైదా పెరుగులో కలపమన్నాను. ముందు రోజు సాయంత్రమే చేసి చల్లారాక డబ్బాలో మూతపెడితే మర్నాటికి ఇంకా మెత్తబడుతుంది. ఎండాకాలమైతే మాత్రం మర్నాడు మధ్యాహ్నం దాటాక మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి, తినే ముందు అరగంట బయట ఉంచాలి.